సిస్టరు ఒక్క రాత్రి వాటా

కుట్టు మిషనూ ఇస్త్రీ బల్లా పట్టాక మనిషి పక్కకు తిరగడానికి మాత్రమే చోటున్న గది మిషనక్కది. పదకొండేళ్లుగా అక్కడే కుడుతోంది. గుడ్డకు మీటరు లెక్క, కుట్టుకు కూలి లెక్క. ఒకదాన్ని ఇంకోదాంట్లో కలపదు.

ఒకప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉన్న నలుగురు స్నేహితురాళ్లు, మిషనక్క, క్యాషియరు, టీచరు, సిస్టరు, పన్నెండేళ్ల తర్వాత కలవాలనుకున్నారు. సముద్రం పక్కన రెండు గదుల ఇల్లు చూశారు. శుక్రవారం నుంచి మూడు రాత్రులకు అద్దె తొమ్మిది వేలు, శుభ్రం చేసినందుకు ఎనిమిది వందలు. బ్యాంకులో పనిచేసే క్యాషియరు మొత్తాన్ని నాలుగు భాగాలు చేసి గ్రూపులో పెట్టేసింది. తలా రెండు వేల నాలుగు వందల యాభై.

ఆసుపత్రిలో నర్సుగా చేసే సిస్టరుకు దొరికింది శనివారం రాత్రి ఒక్కటే. "నాకు కుదరదులే, మీరు వెళ్లిరండి" అని రాసింది. కుదరక కాదని మిషనక్కకు తెలుసు. తగ్గించమని నోరు తెరిచి అడిగే రకం కాదది. సెలవు దొరకడం కూడా ఒక ఆస్తే. అది లేనివాళ్ల మీదే భారం వేసి, దానికి సమానమని పేరు పెడతాం.

సగం కుట్టిన జాకెట్టు పక్కన పెట్టి మిషనక్క రాసింది:

"అద్దె గుడ్డ లాంటిది, ఎంత వాడితే అంత. నేను మూడు రాత్రులు, క్యాషియరు మూడు, టీచరు రెండు, సిస్టరు ఒకటి. కలిపితే తొమ్మిది. అంటే రాత్రికి వెయ్యి. శుభ్రం డబ్బులు కుట్టుకూలి లాంటివి, ఒక రాత్రున్నా మూడున్నా ఒకటే, తలా రెండు వందలు. చెప్పిన రాత్రి రాకపోయినా వాటా ఇవ్వాల్సిందే. సరేనా?"

ఈ లెక్కన తన వాటాయే ఏడు వందల యాభై పెరుగుతుంది. ఆ మాట రాయలేదు.

క్యాషియరు వెంటనే ఫోన్ చేసింది. నలుగురి కోసమే కదా రెండు గదులు తీసుకున్నది, ఖాళీగా ఉన్నా అద్దె ఆగదు కదా అంది. అందులో నిజం లేకపోలేదు.

"శుక్రవారం ఉండేది మనిద్దరమే. చెరో గదిలో కాళ్లు బార్లా చాపుకుని పడుకుంటాం. ఆ సుఖానికి సిస్టరెందుకే కట్టాలి?"

"ఏమే, నా గురక భరించక్కర్లేదని ఇప్పుడే సంబరపడుతున్నావా?" అని నవ్వి ఒప్పుకుంది క్యాషియరు. టీచరు అప్పటికే సరే అనేసింది.

సిస్టరు మాత్రం విడిగా రాసింది: "జాలి చూపిస్తున్నావా?"

"జాలైతే ఊరికే రమ్మనేదాన్ని. పన్నెండు వందలు తీసుకుని రా."

రెండు రోజులకు గ్రూపులో సిస్టరు మెసేజ్ పెట్టింది, తోటి నర్సుతో డ్యూటీ మార్చుకున్నానని, ఆదివారం రాత్రి కూడా ఉంటానని. రాత్రులు పదయ్యాయి. రాత్రికి తొమ్మిది వందలే. అందరికంటే ముందు కొత్త లెక్క వేసింది క్యాషియరు. మిగతా ముగ్గురికీ వాటా తగ్గింది.

మిషనక్క చదివి, జాకెట్టు మళ్లీ సూది కిందకు జరిపింది. గురువారానికల్లా చేతిలో పనంతా అయిపోవాలి.