పిన్ని గీత కొట్టిన ఖాళీ

మా పిన్నికి కాగితం మీద ఖాళీ కనిపిస్తే ఒళ్లు మండుతుంది. ఏళ్ల తరబడి మందుల గోదాములో స్టోర్‌కీపరు. రసీదులో చోటు మిగిలితే ఎవరో ఒకరు అంకె ఇరికిస్తారని, అడ్డంగా గీత కొట్టాకే సంతకం పెట్టేది. ఇంట్లో పాలవాణ్ణి సైతం నమ్మదు, మమ్మల్ని ఎలాగూ నమ్మదు.

గోదాము మూతపడ్డాక ఆమె వయసువాళ్లను తీసుకునే ఉద్యోగం ఒక్కటే కనబడింది. ఆసుపత్రిలో స్టోర్స్ ఇన్‌ఛార్జి. ఆ సాయంత్రం ఆఫీసు మూసేలోగా దరఖాస్తు ఇవ్వాలి. పిన్ని చెబుతుంటే నేను ఫోనులో కొట్టిన లేఖ ఒకటే ముద్దగా ఉంది, తేదీ, చిరునామా అడుగున ఎక్కడో పడ్డాయి. పిన్నిని ఆసుపత్రి ఎదురుగా ఉన్న జిరాక్సు షాపుకు లాక్కెళ్లాను.

షాపతను మాటలు మార్చకుండా లేఖను సర్దాడు. పైన పిన్ని పేరు, చిరునామా, ఫోను నంబరు. దాని కింద తేదీ, తర్వాత ఆసుపత్రి అధికారి హోదా, చిరునామా. ఆ కింద "విషయం: స్టోర్స్ ఇన్‌ఛార్జి ఉద్యోగానికి దరఖాస్తు."

"అసలు సంగతి ముందే ఎందుకు బయటపెట్టడం?" అంది పిన్ని.

"చదివేవాళ్లకు లేఖ ఎందుకొచ్చిందో తెలియాలి కదమ్మా" అంటూ అతను "అయ్యా" పెట్టి, ముద్దను మూడు పేరాలుగా విడగొట్టాడు. చివర "ఇట్లు, భవదీయురాలు" అని కొట్టి, కాస్త చోటు వదిలి మళ్లీ ఆమె పేరు పెట్టాడు.

"ఆ ఖాళీ ఏంటి?"

"అలాగే ఉండాలమ్మా."

అలా అన్నాడంటే ఏదో ఉందనేగా! పిన్ని కళ్లు చిన్నవయ్యాయి. ప్రింటు చేతికి రాగానే, "నా కళ్లముందే ఫైలు తుడిచెయ్. రేపు ఇంకెవరికో నా లేఖ అమ్ముతావు" అంది. అతను నవ్వుకుంటూ డిలీట్ కొట్టి, ఇంకో బేరం చూసుకోవడానికి తిరిగాడు.

నేను డబ్బులిచ్చి వెనక్కి చూసేసరికి పిన్ని పెన్ను తీసి, ఆ ఖాళీ నిండా ఏటవాలుగా గీత లాగేసింది.

"పిన్నీ! అది సంతకం పెట్టే చోటు!"

మళ్లీ మొదట్నుంచీ సర్దే టైము లేదు, వీధికి అవతల ఆసుపత్రి ఆఫీసు ప్యూను తలుపులు వేయడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. షాపతను మాత్రం తాపీగా కంప్యూటర్ వైపు తిరిగాడు.

"కంగారుపడకండి. తుడిచేసినవి చెత్తబుట్ట ఫోల్డర్లోకే పోతాయి. వెనక్కి తెస్తా."

"అంటే ఇందాక తుడవలేదన్నమాట!" పిన్ని గొంతు లేచింది. "నేననుకుంటూనే ఉన్నా!"

ఆమె అనుమానమే నిజమైంది. ఆ నిజమే ఆమెను గట్టెక్కించింది. కొత్త ప్రింటు మీద ఆ ఖాళీలో సంతకం పెట్టింది. కాగితం పట్టుకుని వీధి దాటబోతూ ఆగి, వెనక్కి తిరిగింది.

"బాబూ, ఉద్యోగం వచ్చేదాకా దాన్ని తుడవకు."