పలక ముందు తడిమట్టి

మా బావగారు పోయారన్న కబురు పోయిన నెల ఒక పొద్దున పాలు కాచుకునే వేళకు దవాఖాన నుంచి వచ్చింది. ఆయన నా భర్తకు అన్న. జహీరాబాద్ హైస్కూల్లో ఇరవై ఆరేళ్ళు డ్రిల్ సారుగా చేశారు. ఆయన భార్య, మా అక్కయ్య, తొందరగా పోవడంతో చివరిదాకా మా ఇంట్లోనే ఉన్నారు. దినాలకు వచ్చినవాళ్ళందరూ ఒకే కథ చెప్పుకున్నారు: "సొంత శిష్యురాలి మీదనే నిజం చెప్పిన సారు." ఆ కథలో ఒక ముక్క తప్పు. దాన్ని సరిచేయాలని ఆయనే అనుకునేవారు కాబట్టి రాస్తున్నాను.

ఆయనకు లాంగ్ జంప్ అంటే ప్రాణం. బడి వెనక గుంత తవ్వించి, వాగు ఇసుక పోయించి, తెల్లవారకముందే వెళ్ళి గడ్డలు లేకుండా తిరగేసేవారు. పిల్లలకు పరుగు వెనక్కి కొలిచేవారు. కాలు మోపి ఎగిరే చెక్క పలక మీద నిలబెట్టి, గుంతకు వీపు పెట్టి పరుగెత్తించి, పదిహేనో అడుగు ఎక్కడ పడితే అక్కడ ముగ్గుతో గీత పెట్టేవారు. "గీత తాన మొదలువెట్టు, పలక దిక్కు సూడకు. కాలుకు తెలుసు," అనేవారు. ఆదివారాలు నేను టేపు పట్టుకుని ఇసుకలో పలకకు అన్నిటికంటే దగ్గరగా చెదిరిన చోటు నుంచి కొలిచి, నోట్‌బుక్కులో రాసేదాన్ని. ఎవరి కొలత ఏ రోజు ఎంతో ఆయన నన్నే అడిగేవారు.

ఆ పిల్లల్లో చిరాగ్‌పల్లి నుంచి నడిచి వచ్చే ఒక పిల్ల ఉండేది. చెరుకు కొట్టేవాళ్ళ బిడ్డ. దూకితే ఇసుక నా చీర మీద పడేది. "అమ్మా, జర దూరం జరుగు, నీ చీరె పాడైతది," అని నవ్వేది.

జిల్లా పోటీలు ఆ ఏడు మా బడి మైదానంలోనే జరిగాయి. మొదటి స్థానం వచ్చినవాళ్ళే రాష్ట్రానికి. పలకకు ముందు, గుంత వైపున, ఒక జానెడు మేర తడి నల్లమట్టి పరిచి చెక్కతో నున్నగా చేస్తారు. దూకే ముందు బొటనవేలు పలక దాటితే మట్టిలో అచ్చు పడుతుంది, ఆ దూకుడు లెక్కకు రాదు. అచ్చు పడిన ప్రతిసారీ మట్టిని మళ్ళీ నున్నగా చేయాలి. మనుషులు చాలక ఆ పని బావగారికే అప్పగించారు. నేను గుంత పక్కన నోట్‌బుక్కుతో కూర్చున్నాను.

చిరాగ్‌పల్లి పిల్ల చివరి దూకుడుకు, అది లెక్కకు వస్తుందని జడ్జి తెల్లజెండా ఎత్తాడు. అది అందరికంటే దూరం. చప్పట్లు మొదలయ్యాయి. చెక్క పట్టుకుని మట్టి దగ్గర వంగిన బావగారు లేచి నిలబడ్డారు. "అచ్చు ఉన్నది సార్," అన్నారు జడ్జితో. జడ్జి వంగి చూసి ఎర్రజెండా ఎత్తాడు.

"మట్టి అబద్ధమాడదు బిడ్డా," అన్నారాయన. పిల్ల చెప్పులు చేతపట్టుకుని మైదానం దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ మా గుంతకు రాలేదు.

ఆ సాయంత్రం ఆయన వసారాలో కూర్చుని నన్ను పిలిచారు.

"అమ్మా, ఆమె కంటే ముందు ఎవరు దూకిన్రు?"

నోట్‌బుక్కు చూశాను. "కోహీర్ పిల్ల. దూకలే బావా, అడుగు తప్పి గుంతల నుంచే ఉరికింది."

"ఆమె పోయినంక నేను మట్టి సాఫ్ చేసిన్నా?"

అప్పుడే ఆయన మంచినీళ్ళకు నా దగ్గరికి వచ్చారు. ఆ కోహీర్ పిల్లకు జెండా ఎలాగూ ఎర్రదే కాబట్టి మట్టిని చూసే అవసరం తోచలేదు. అదే చెప్పాను. ఆ అచ్చు ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు. ఫిర్యాదుకు ఇచ్చే అరగంట ఎప్పుడో దాటింది, పేర్లు పైకి వెళ్ళిపోయాయి. అయినా వెళ్ళి చెప్పవలసింది. ఆయన వెళ్ళలేదు, నేను వెళ్ళమనలేదు. వారం తిరగకుండానే, నిజం చెప్పిన సారని బడిలో ఆయనకు శాలువా కప్పారు. దాన్ని ఆయన ఒక్కసారి కూడా కప్పుకోలేదు, సందూకులో అడుగున పెట్టారు.

ఏడేళ్ళు గడిచాయి. పిల్ల పట్నంలో చిన్నమ్మ ఇంట్లో ఉండి, వేరే కోచ్ దగ్గర నేర్చుకుని, ఆటల మీదే ఉద్యోగం తెచ్చుకుందని విన్నాం. ఒక మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. ఎవరికేమైందోనని పొయ్యి మీది కూర వదిలేసి వచ్చాను. ఆ పిల్ల పంపింది. మా ఆయన చదివారు: "దేశస్థాయి పోటీలో వెండి పతకం గెలిచాను. ఆ రోజు నిజంగా నాది తప్పేనా. జవాబివ్వండి." అంతే. దాంతో పాటు జవాబు ఫారం ఒకటి ఉంది. అక్కడ ఆమె ముందే డబ్బు కట్టింది, ఇక్కడ మేము మాటలు నింపి తపాలా ఆఫీసులో ఇస్తే చాలు.

"పతకమొచ్చిన నాడు గిదా అడిగేది!" అన్నారు మా ఆయన. "అవును అని ఒక్క ముక్క రాయి అన్నా. మెడల్ వచ్చె, ఇంక ఆమెకు ఏం ఫికర్?"

"మరి నాకు?" అన్నారు బావగారు.

"నీకేంది? ఊరంత నిన్ను దేవుని లెక్క సూస్తది."

"గదే కదరా."

ఆ పూట ఆయన అన్నం తినలేదు. ఫారం రెండు రోజులు గూట్లో ఉంది. మూడో రోజు పొద్దున నా ముందు పెట్టి, "నువ్వు సూసినవు. నువ్వే రాయి," అన్నారు. ఆయన చెప్పినట్టే తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను: "నాకు తెలియదు. ముందు మట్టి నున్నగా చేయలేదు. తప్పు నాది." పోస్ట్‌మాస్టర్ మాటలు లెక్కపెట్టి, కళ్ళద్దాల మీదుగా చూసి, "సార్, గిది పంపాల్నా?" అన్నాడు. "పంపు," అన్నారు. అక్కణ్ణుంచి సరాసరి బడికి వెళ్ళి టీచర్ల గదిలో అందరి ముందూ అదే చెప్పారు. కొందరు నమ్మలేదు. ఒకాయన, "శాలువా వాపస్ ఇస్తవా సారూ?" అని ఎగతాళి చేశాడట. ఆ సాయంత్రమే సందూకులోంచి తీసి ఇచ్చి వచ్చారు. ఊరు మాత్రం పాత కథనే దాచుకుంది.

నెల దాకా ఏ జవాబూ లేదు. ఒక ఆదివారం మేము గుంత దగ్గరుండగా ఆమె వచ్చింది. పొడుగైంది, మనిషి నిండింది. నాకు దండం పెట్టి, ఆయన ఎదురుగా నిలబడింది.

"ఎప్పటి సంది తెలుసు సార్?"

"గా దినం పొద్దుగూకినప్పటి సంది."

"ఏడేండ్లు! పలక సూస్తె నా కాలు వణికేది. ఏడేండ్లు గుండె మీద బండ పెట్టుకొని దూకిన, సార్."

ఆయన తల దించుకున్నారు. ఆమె చెప్పులు విడిచి, చున్నీ నడుముకు బిగించింది.

"మల్ల ఒక్కసారి సూడున్రి. ఈసారి మంచిగ సూడున్రి."

ఆయన పలక ముందు తడిమట్టి పరిచి, చెక్కతో చాలాసేపు నున్నగా చేశారు. తర్వాత, దాదాపు అరవై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని, పక్కకు ఒరిగి, పలక పక్కన నేలకు చెంప ఆనించి పడుకున్నారు. ఆమె తానే కొలిచి పెట్టుకున్న గీత దగ్గరి నుంచి పరుగెత్తుకు వచ్చింది. పాదం ఆయన ముఖానికి జానెడు దూరంలో పడి లేచింది.

"సాఫ్ ఉన్నది!" అని అరిచారు. నేను ఆ గొంతు అంతకుముందు వినలేదు.

నేను టేపు తీస్తుంటే ఆమె వద్దని చేయి ఊపింది. ఇసుక కాళ్ళతోనే వచ్చి, లేవలేకపోతున్న ఆయనను రెండు రెక్కలూ పట్టి లేపింది. ఆయన ఎడమ చెంప నిండా మైదానం మన్ను. ముగ్గురం ఇంటికి నడిచాం. భోజనానికి కూర్చున్నప్పుడు కూడా అది అలాగే ఉంది. తుడుచుకొమ్మని ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు.