యాభై ఏడు వేల కాయలు

కళ్యాణదుర్గం బస్సు పైన కట్టిన వేరుశనగ ఒలిచే యంత్రం క్షేమంగా అనంతపురం చేరింది. దాని పిడి మాత్రం ఆత్మకూరులో దిగిపోయింది. అక్కడ దిగిన ఒకాయన మంచం కోళ్ళ కట్ట కిందికి అందించమంటే, క్లీనరు కట్టతో పాటు పక్కనే ఉన్న వంకర ఇనుప కడ్డీని కూడా అందించాడు. ఆయన కాదనకుండా పుచ్చుకుని నడిచి వెళ్ళిపోయాడు. ఇంతకు మించి ఆ పిడి గురించి ఎవరికీ ఏమీ తెలియదు.

యంత్రం హనుమంతరాయుడిది. మా పాలిటెక్నిక్‌లో మెకానికల్ చివరి సంవత్సరం విద్యార్థి. ఎనభై ఆరు మార్చిలో మా కాలేజీలో స్వయం ఉపాధి పోటీ పెట్టారు. ఒక్కొక్క విద్యార్థీ వేదిక ఎక్కి, తాను పెట్టదలచిన చిన్న పరిశ్రమ ఏమిటో మూడు నిమిషాల్లో చెప్పాలి. రెండున్నర నిమిషాలకు ఒక గంట, మూడు నిమిషాలకు రెండు గంటలు. ఆ తర్వాత నోరు తెరిస్తే మార్కులు పోతాయి. గెలిచిన వాడికి పారిశ్రామికవాడలో ఆరు నెలలు అద్దె లేని షెడ్డు, బ్యాంకు మేనేజరు సిఫారసు.

షెడ్డు మిగతా వాళ్ళకు సరదా. హనుమంతరాయుడికి అలా కాదు. వాళ్ళ ఊళ్ళో వరుసగా మూడో ఏడు వాన లేదు. వాళ్ళ నాయన ఓబులేసు ఎడ్లను అమ్మేసి, కొడుకును బెంగళూరు తీసుకుపోవడానికి ఒక మేస్త్రీతో మాట కూడా పూర్తి చేసుకున్నాడు. పోటీ శనివారం. మేస్త్రీ వచ్చేది సోమవారం. చివరి పరీక్షల మాట ఎత్తితే ఆయన, "పరీచ్చలు రాస్తే కూడు పెడ్తారా?" అన్నాడట.

"గెలిస్తే పోను సార్," అన్నాడు వాడు నాతో. "గెలవకపోతే సోమారం బస్సు."

పోటీ వాళ్ళను తయారు చేసే పని ప్రిన్సిపాలు నాకు అప్పగించారు. నా పెళ్ళిలో వధువు వైపు వాళ్ళు నాలుగు మాటలు మాట్లాడమంటే ఒక్కటే మాట్లాడి కూర్చున్నాను. నా క్లుప్తత మీద ఆయనకు నమ్మకం అప్పటి నుంచే అనుకుంటాను.

వాడు రాసుకొచ్చిన కాగితం నిండా అంకెలే. చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుంది, జల్లెడ కన్నం ఎంత, గంటకు ఎన్ని కేజీలు, నూటికి ఎన్ని గింజలు పగులుతాయి. నేను కాగితం మడిచి వాడి జేబులోనే పెట్టాను.

"ఒక్క అంకె చాలప్పా. పది చెప్తే పదీ మర్చిపోతారు. ఆ ఒక్కటీ వాళ్ళు ఇంటికి పోయి పెండ్లాలకు చెప్పేట్లుండాల."

"మా యమ్మ సంగతి చెప్పనా సార్?"

వాళ్ళ అమ్మ తిప్పమ్మ. మా వైపు విత్తనం కాయను ముందుగా ఒలవరు. ఒలిచి నిలవ పెడితే మొలక చచ్చిపోతుంది. అందుకని తొలి వాన పడేదాకా కాయగానే దాచి, నేల తడిసి పదునైన వెంటనే ఊళ్ళో ఆడవాళ్ళందరూ కూర్చుని వేళ్ళతో ఒలుస్తారు. నూనె మిల్లు యంత్రంలో వేయవచ్చు కానీ, అందులో గింజ పగులుతుంది. నూనెకైతే పగిలినా పరవాలేదు, నేలలో వేయడానికి పనికిరాదు. మూడు నాలుగు రోజుల్లో పని ముగించాలి, లేకపోతే తేమ పోతుంది. బొటనవేలు వాచి, గుడ్డపీలిక చుట్టుకుని మరీ ఒలుస్తారు.

హనుమంతరాయుడు కూర్చుని ఒక బుట్టెడు కాయలు లెక్కపెట్టాడు. ఎకరాకు ఎన్ని బుట్టలు పడతాయో దానితో హెచ్చించాడు. యాభై ఏడు వేలు.

"ఎకరాకు మా యమ్మ యాభై ఏడు వేల కాయలు ఒలస్తాది సార్, ఒక్క బొటనేలితో."

అదే అంకె అన్నాను. వాడి యంత్రం కూడా సామాన్యమైనది కాదు. ఇనుప పట్టీల బదులు పాత లారీ టైరు రబ్బరు ముక్కలు చక్రానికి కొట్టాడు. కాయ పగులుతుంది, గింజ నలగదు. వేదిక మీద పిడి తిప్పి చూపిస్తే చాలు, మాటలు కూడా అక్కర్లేదు.

పిడి ఆత్మకూరులో ఉంది. కొత్తది చేయిద్దామంటే వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టరు తాళాలతో సహా సోమవారం దాకా సెలవులో ఉన్నాడు.

ఇక్కడ నాకు ఒక ఆలోచన వచ్చింది. ఈ వాక్యం రాయడానికి మూడేళ్ళు పట్టింది. "యంత్రం తిప్పలేకపోతే యేమిలే," అన్నాను. "కాయలు పంచు. జడ్జీలకే కాదు, హాలంతా. ఒక్కొక్కరికి పది. గింజ మీద తోలు చీలకుండా ఒలవండి అను. పదో కాయకి వాళ్ళ బొటనేలే మాట్లాడతాది. ఆ మీదట నీ అంకె చెప్పు."

వాడి ముఖం వెలిగింది. వెంటనే ఆరింది. "అన్ని కాయలు యాడుండాయి సార్?"

మరునాడు ఊరికి పోయి తెచ్చాడు. సంచిలో మూడు కేజీలుండవచ్చు. ఎక్కడివని నేను అడగలేదు. అడగకపోవడం నాకు తెలివిగా అనిపించింది.

శనివారం హాల్లో మూడు వందల మంది. జడ్జీలు ముగ్గురు. బ్యాంకు మేనేజరు శ్రీరంగప్ప, నూనె మిల్లు యజమాని గంగాధరప్ప, పరిశ్రమల శాఖ నుంచి ఒక కళ్ళద్దాల అధికారి. గంట నా దగ్గర.

మొదట దివాకర్ ఎక్కాడు. టౌను పిల్లవాడు, వీడియో పార్లరు పెడతానన్నాడు. వేదిక మీద రెండు క్షణాలు ఊరికే నిలబడి, పైకి చూసి అన్నాడు: "నిరుడు మన ఊళ్ళో వాన పడింది పదిహేడు దినాలు సార్. మిగతా మూడు వందల నలభై ఎనిమిది సాయంత్రాలు జనం ఏం చేయల్ల?"

హాలు ఈలలతో దద్దరిల్లింది. వాడికి నేను ఒక్క ముక్క కూడా నేర్పలేదు. రెండు నిమిషాల యాభై సెకన్లకు ముగించి, "నాకు ఒక షెడ్డు, ఒక సిఫారసు సార్, మిగతాది నేను చూసుకుంటా," అని దిగిపోయాడు.

తర్వాత హనుమంతరాయుడు. పంచడానికి పట్టే సమయం వాడి మూడు నిమిషాల్లో పోకూడదని, కాయలు ముందే పంచేయమని సలహా ఇచ్చిందీ నేనే. ఎంత తెలివో చూడండి. వాడు వరస మొదట్లో దోసిళ్ళతో పోసి, పక్కవాళ్ళకు అందించమంటూ పోయాడు, వెనక వరస దాకా. మైకు దగ్గరికి తిరిగి వచ్చేసరికి నాలుగు నిమిషాలైంది.

అనంతపురం జిల్లాలో ఒక మనిషి చేతిలో పది శెనక్కాయలు పెట్టి, ఎందుకు పెట్టారో నాలుగు నిమిషాల పాటు చెప్పకపోతే ఏమవుతుందో, ఈ జిల్లాలోనే పుట్టి పెరిగిన నాకు తట్టలేదు.

"అయ్యా," అన్నాడు హనుమంతరాయుడు. నేను గడియారం నొక్కాను. "మీ చేతుల్లో ఉండే కాయలు, గింజ తోలు చీలకుండా ఒలవండి."

మూడు వందల మంది తమ చేతుల్లోకి చూసుకున్నారు. పొట్టు ఉంది.

వెనక నుంచి ఒకడు, "అయిపోయినాయి, ఇంకో నాలుగు వెయ్యప్పా!" అని అరిచాడు. హాలంతా నవ్వు. గంగాధరప్ప మీసం మీది పొట్టు దులుపుకుంటూ, "ఏ ఊరి కాయప్పా ఇది? భలే తీపుండాదే," అన్నాడు మైకు అక్కర్లేనంత గట్టిగా.

వాడు నా వైపు చూశాడు. నేను చేసైగ చేద్దామనుకున్నాను. నా చేతిలో ఏడో కాయ ఉంది.

నవ్వు ఆగేదాకా నిలబడమని నేనే నేర్పాను కదా, నిలబడ్డాడు. నవ్వు ఆగడానికి నిమిషం పైగా పట్టింది. అప్పుడు మొదలుపెట్టాడు. అమ్మ సంగతి చెప్పాడు. యాభై ఏడు వేలన్నాడు. ఆ మాట మీదే ఎవరో పొలమారి దగ్గారు. టైరు రబ్బరు సంగతికి వచ్చేసరికి ఒక గంట కొట్టాను. ఇక మిగిలింది అడగడం ఒక్కటే. ఏం కావాలో చివరి అర నిమిషంలో అడగాలి, అడగని వాడికి ఎవరూ ఇవ్వరని పదిసార్లు వల్లె వేయించాను.

"నాకు..." అని ఆగిపోయాడు. ముందు వరసలో ఒక పిల్ల తన చీర మీద పడిన గింజ తోలును ఊదుకుంటోంది. వాడు అదే చూస్తూ ఉండిపోయాడు. రెండు గంటలు కొట్టాను. కొట్టకుండా ఉండవలసింది.

ప్రశ్నలు. కళ్ళద్దాల అధికారి కాగితం మీద కలం ఆనించి, "ఎన్ని వేలన్నావు? డెబ్బై అయిదా?" అన్నాడు.

"యాభై ఏడు సార్."

"ఆఁ, అదే."

గంగాధరప్ప అడిగాడు: "చెప్పకపోతివే, ఏ ఊరి కాయ? మా మిల్లుకి పది మూటలు దొరుకుతాదా?"

"ఇత్తనం కాయ సార్. మా యమ్మ కుండలో దాచిపెట్టింది. అంతే ఉండేది."

ముందు వరసల్లో దవడలు ఆగాయి. నా నోట్లో ఉన్నదాన్ని ఏం చేయాలో నాకు తోచలేదు. మింగాను.

శ్రీరంగప్ప మంచివాడు. మెల్లగా, నొప్పించకుండా మాట్లాడాడు. "మిషను బాగుండాదప్పా. నేను కూడా సేద్యగాని కొడుకునే. అయితే ఒలిచేది ఇత్తేదానికి కదా? మూడేండ్లాయ, ఇత్తేవాండ్లు యాడుండారు?"

"వాన వస్తే ఇత్తుతారు సార్."

"వస్తే, అప్పుడు రా. నేనే సంతకం పెడ్తా."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. దివాకర్‌కు షెడ్డు వచ్చింది. కరువు మీద బేరం పెట్టినవాడు గెలిచాడు, వాన మీద పెట్టినవాడు ఓడాడు. వారం రోజుల దాకా కాలేజీలో ఎవరిని అడిగినా మూడు వందల నలభై ఎనిమిది అనేవారు. రెండో అంకె ఎవరికీ గుర్తులేదు. మా ఇంటావిడకు నేను చెప్పాను. "అన్ని కాయలు ఒక్కతే ఒలిచిందా, పాపం," అంది. ఆ అంకె ఇంటిదాకా వచ్చింది నా ఒక్కడితోనే.

ఆ జూలైలో వాన పడింది, చెప్పుకోదగ్గ వానే. శ్రీరంగప్పకు అప్పటికి బదిలీ అయింది. హనుమంతరాయుడు బెంగళూరులో ఎక్కడో ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా నిలబడుతున్నాడని వాళ్ళ ఊరివాళ్ళు చెప్పారు. యంత్రం మా వర్క్‌షాపు మూలలో ఉంది. దానికి కొత్త పిడి చేయించాను. ఒకసారి తిప్పి చూశాను. బాగానే తిరుగుతుంది. వేయడానికి కాయలు లేవు.

ఆ శనివారం సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక వాడు హాల్లోనే ఉన్నాడు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, బెంచీల మధ్య వంగి వెతుకుతున్నాడు. ఎక్కడైనా ఒలవని కాయ పడి ఉందేమోనని. నేను వాకిట్లో నిలబడి, లోపలికి పోవడానికి ధైర్యం చాలక చెప్పు సర్దుకుంటున్నాను. మొదటి వరస నుంచి చివరి వరస దాకా చూశాడు. ఏమీ దొరకలేదు.

ఊడ్చే హనుమక్క చీపురు పట్టుకుని వచ్చింది. నేల చూసి నడుము మీద చేయి పెట్టుకుంది.

"ఎవుర్రా ఈ గలీజు చేసింది? హాలంతా పొట్టే! ఇంతమంది తింటిరే, ఊడ్చేదాన్ని నేనొకతిని ఉండానని ఒక్క గింజన్నా మిగిలిచ్చినార్రా?"

హనుమంతరాయుడు నడుము నిటారు చేసుకుని, ఆమె చేతిలోని చీపురు తీసుకున్నాడు.

"మాకూ మిగల్లేదు లేక్కా."