ఆయన ఊపిరికి నేను పెట్టిన దీక్ష

మావారికి నలభై ఆరేళ్లప్పుడు, ఉద్యోగరీత్యా ద్వారకలో ఉండగా, పడకగదిలో ఇబ్బంది మొదలైంది. అంగం గట్టిపడకపోవడం, గట్టిపడినా మధ్యలోనే జారిపోవడం. ఒకసారి అలా అయ్యాక, మళ్లీ అవుతుందేమోనన్న భయమే మాకంటే ముందు మంచమెక్కేది.

ఆయన ఆఫీసు డిస్పెన్సరీకి వెళ్దామన్నారు. అక్కడంతా తెలిసినవాళ్లేనని నేనే ఆపాను. ఫోన్‌లో చూసిన వీడియోలో ఒక యోగా గురువు, ప్రాణాయామమూ నాలుగు ఆసనాలూ చేస్తే నలభై రోజుల్లో ఈ ఇబ్బంది వేళ్లతో సహా పోతుందనీ, పరీక్షలూ మందులూ అక్కర్లేదనీ హిందీలో చెప్పాడు. బడికి పోకుండా ఇంట్లో నాన్న దగ్గర చదువుకున్నదాన్ని, గురువు మాటకి ఎదురు ప్రశ్న వేయడం నాకు రాలేదు. నలభైకి ఇంకొకటి కలిపి మండలం దీక్ష చేసేశాను. పొద్దున్నే దీపం పెట్టి ఆయన్ని చాప మీద కూర్చోబెట్టేదాన్ని. అయిన ప్రతి రోజుకీ క్యాలెండర్‌లో కుంకుమ బొట్టు.

పాపం, చేశారు. నిద్ర బాగా పడుతోందనీ, ఆఫీసులో చిరాకు తగ్గిందనీ అన్నారు కూడా. నేను వినిపించుకోలేదు. నాకు కావలసింది నలభై ఒకటో రోజు.

ఆ రోజు మధ్యాహ్నం మా అబ్బాయి ట్యూషన్‌కి వెళ్లాడు. పాయసం వండి, కొత్త దుప్పటి పరిచాను. ఏమీ కాలేదు.

"మనసు పెట్టి చేసుంటే అయ్యేదండీ," అన్నాను.

ఆయన లేచి హాల్లోకి వెళ్లిపోయారు. నెల రోజులు అక్కడే పడుకున్నారు.

చివరికి ఆయనే ఒక ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ తీసుకుని నన్నూ రమ్మన్నారు. డాక్టరు బీపీ చూసి, షుగరుకి రక్తపరీక్ష రాశాడు. ఈ ఇబ్బంది ఒక్కోసారి షుగరుకీ గుండెజబ్బుకీ ముందు కబురట. రిపోర్టులు బాగానే వచ్చాయి. పొద్దున నిద్ర లేచేసరికి మామూలుగానే గట్టిపడుతోందని మావారు చెప్పడంతో, భయానిదే ఎక్కువ పాలు కావచ్చన్నాడు. నేను దీక్ష సంగతి చెప్పాను. నెమ్మదిగా ఊపిరి వదిలితే ఒంట్లో కంగారు తగ్గుతుందని, ఆసనాలు ఒంటికి మంచివేనని, కానీ ఇన్నాళ్లలో తగ్గుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరని అన్నాడు. ధ్యానం చేసినా అది, అయిందా లేదా అని కాపలా కాసే మనసుని పక్కనున్న మనిషి స్పర్శ మీదికి తేవడానికేనట. కొన్ని వారాలు కలయిక ఊసే లేకుండా ఒకరినొకరు తాకుతూ ఉండమన్నాడు. అవసరమైతే మాత్రలున్నాయి, అందులో సిగ్గేమీ లేదన్నాడు.

అప్పుడు మావారు, నావైపు చూడకుండా, "ఊపిరి పీల్చినప్పుడల్లా నాకు ఆ కుంకుమ బొట్లే కనపడేవి, డాక్టర్ సాబ్," అన్నారు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఒక్కోసారి అవుతుంది, ఒక్కోసారి కాదు. కానప్పుడు ఆయన లేచి వెళ్లిపోవడం లేదు. అందుకు దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఆయనకి మాత్రం ఆ మధ్యాహ్నం అన్న మాటకి క్షమించమని ఇంతవరకూ నోరు తెరిచి అడగలేకపోయాను.