ఎత్తని ఫోన్

కెన్యాలో నైవాషా ఊరి పూలతోటలో మేనేజరుగా తల నెరిసిన కిబివోట్, ఇంకో పెద్ద తోటలో ఉత్పత్తి అధిపతి ఉద్యోగం కోసం నైరోబీ వచ్చి నెకేసా ముందు కూర్చున్నాడు. కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టడం ఆవిడ పని. అతని దరఖాస్తునూ ఉద్యోగ ప్రకటననూ పక్కపక్కన పెట్టుకుని చూస్తోంది. ముందున్న టీ అతను ముట్టుకోలేదు.

"మీ కింద మూడొందలమంది అని రాశారు. మీకు నేరుగా జవాబు చెప్పేదెవరు?"

"నలుగురు సూపర్‌వైజర్లు మేడమ్. కూలీలంతా వాళ్ల కింద."

"బాగుంది. ప్రకటనలో ఆ తోటవాళ్లడిగిందీ అదే."

కిబివోట్‌కు ప్రాణం లేచొచ్చింది.

"బడ్జెట్ మీదేనా?"

"లెక్కలు నేనే వేస్తా. సంతకం మాత్రం ఓనర్ది."

"ఎరువుల డబ్బు మందులకు మార్చాలంటే?"

"అడగాలి."

నెకేసా పెన్ను కింద పెట్టింది. "కోసిన పూలుండే చల్లగది చెడిపోతే, ఏం చెయ్యాలో ఎవరు చెప్తారు?"

"పోయినేడు చెడిపోయింది. ఓనర్‌కి ఫోన్ చేశా. ఎత్తలేదు."

"మరేం చేశారు?"

పక్క తోట చల్లగది ఖాళీగా ఉందని ఆ రోజు అతనికి తెలుసు. అద్దెకిస్తామని వాళ్లు కబురు కూడా పెట్టారు.

"ఎత్తేదాకా చేస్తూనే ఉన్నా మేడమ్."