నాలుగు హద్దుల నమూనా

పాత ఉర్దూ దస్తావేజులను తెలుగులోకి మార్చడం నా బతుకుతెరువు. తాండూరులో కూర్చుంటే ఎవరూ వెతుక్కుంటూ రారని, కిందటేడు ఒక వెబ్‌సైటు పెట్టుకున్నాను. ఒక పేజీలో నమూనాలు. ఒక పేజీలో రేట్లు: పేజీకి ఇంత, చెదలు తిన్న కాగితానికి ఇంకొంచెం. చివర్లో ఫారం: పేరు, ఫోను, ఏ భాష నుంచి ఏ భాషకు, ఎన్ని పేజీలు, ఎప్పటికి కావాలి. నా ఫోను నంబరు మాత్రం పెట్టలేదు. అడిగేవాళ్లు ఫారంలోనే అడగాలని నా పంతం. నెల గడిచినా ఈగ కూడా వాలలేదు.

నమూనా కోసం పక్కనే ఉన్న యాలాల్ ఊరి పెద్దాయన కాగితాల్లో ఒకదాన్ని వాడుకున్నాను. ఆయన ఒక సంచి నిండా దస్తావేజులు తెచ్చి, "మా తమ్మునింట్ల తెల్వద్దు బిడ్డా. ముందుగాల ఏమున్నదో సదువుకొని, తర్వాత నేనే చెప్త" అన్నాడు. సరేనన్నాను. ఆ మాట మీద నిలబడ్డాననే అనుకున్నాను కూడా. ఒక్క పేజీయే పెట్టి, పేర్లు, ఊరు, సర్వే నంబరు నల్లగా కొట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒకరోజు మొట్టమొదటి ఫారం వచ్చింది. ఉర్దూ నుంచి తెలుగుకు, పన్నెండు పేజీలు, తొందరగా కావాలి. ఎగిరి గంతేశాను. కింద రాసింది చదివాక తెలిసింది, అది పంపింది పెద్దాయన తమ్ముడేనని. "నమూనాల ఉన్నది మా పొలమే. అన్న దగ్గరి మిగిలిన పేజీలకు మీ రేటు ప్రకారమే ఇస్తం."

పేర్లన్నీ కొట్టేసిన నేను హద్దులు వదిలేశాను. తూర్పున రెండు మోటల బావి, పడమట నాపరాళ్ల గని, ఉత్తరాన దర్గా బాట, దక్షిణాన వాగు. ఛీ, నా మొహం! ఊళ్లో పొలాన్ని సర్వే నంబరుతో ఎవరు గుర్తుపడతారు?

వెంటనే ఆ పేజీ తీసేశాను. తెల్లారేసరికి పెద్దాయన గుమ్మంలో ఉన్నాడు.

"నా సంచి నాకియ్యి. గా బావి పేరు జెప్తే మా ఊర్ల చిన్నపోరలు గూడ తోవ జూపిస్తరు."

"తప్పు నాదే కాకా. మిమ్మల్ని అడగకుండా పెట్టిన."

నాకు ఏడుపొచ్చింది. సంచి చేతికిచ్చి, ఇక మీదట పెట్టబోయే నమూనా చూపించాను. మనుషులు, ఊరు, హద్దులు, అంతా నేను కల్పించిన దస్తావేజు. ఫోనులో పెద్దక్షరాలు చేసి, వేలితో జరుపుతూ ఆయన మొత్తం చదివాడు.

"ఇది ఎవలిది?"

"ఎవలిదీ కాదు. నేనే అల్లిన."

"గీ పొలానికి మూడు దిక్కుల నీళ్లున్నయ్. మంచిగున్నది," అని సంచి మళ్లీ బల్ల మీద పెట్టాడు. "మిగిలినయి రాయి. తమ్ముడు నిన్న ఇంటికొచ్చి అడిగితే కాగితాల సంగతి నేనే చెప్పిన, ఇంక దాసేదేముంది?"

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"నువ్వల్లిన గా పొలం అమ్ముతరేమో, ఒకసారి అడుగు బిడ్డా."