నాలుగో నంబరు సిస్టమ్‌కు చిప్పు లేదు

ఆదోనిలో పత్తి మార్కెట్‌కు పోయే దారిలో, ఒక ఎలక్ట్రికల్ షాపు మేడమీద నాకు ఆరు సిస్టమ్‌ల గేమింగ్ సెంటర్ ఉంది. దాన్ని సెంటర్ అని పిలిచేది నేనొక్కణ్ణే. కింది షాపాయన దృష్టిలో అది పేకాట గదికి తమ్ముడు. మా ఆవిడ "మీ బొమ్మల కొట్టు" అంటుంది. ఆ ఆరింటిలో ఏ సిస్టమూ పుట్టినప్పటి శరీరంతో లేదు. ఒకదాని ర్యామ్ ఇంకొకదానిలో, దీని ఫ్యాన్ దానిలో పెట్టి పెట్టి, చివరికి ఏది ఏదో నాకే తెలియకుండా పోయింది. అయినా అన్నీ ఆడేవి.

నా దగ్గర ఆడేవాళ్ళలో అందరికంటే మొనగాడు ఒక టైలర్ మాస్టరు. యాభై దాటిన మనిషి. పెళ్ళి షేర్వాణీలు కుట్టడంలో ఆయనకు పేరు. మధ్యాహ్నం నమాజు, భోజనం కానిచ్చి మెట్లెక్కి వచ్చి, కళ్ళద్దాలు చొక్కా అంచుకు తుడుచుకుని, నాలుగో నంబరు ముందు గంటసేపు కూర్చునేవాడు. అందరూ ఆడే ఆ తుపాకుల ఆటలో, రోజంతా సూదిలో దారం ఎక్కించే చెయ్యి కావడం వల్లో ఏమో, ఆయన గురి తప్పడం నేను అరుదుగా చూశాను. కాలేజీ పిల్లలు ఆయన వెనక నిలబడి చూసేవాళ్ళు. ఆయన మాత్రం ఎవరినైనా కాల్చిన ప్రతిసారీ "మాఫ్ కర్నా బేటా" అని మెల్లగా అనుకునేవాడు. అవతల చచ్చినవాడికి ఆ మర్యాద వినపడేది కాదు.

రెండు మూడు నెలలకొకసారి ఎమ్మిగనూరు సెంటర్‌తో మాకు ఐదుగురికి ఐదుగురు పోటీ ఉండేది. మేం ఆదోనిలో, వాళ్ళు అక్కడ, ఆన్‌లైన్‌లో ఆడేవాళ్ళం. ఆ సెంటర్ నడిపేది ఒక అమ్మాయి. నేతపనివాళ్ళ ఇంటి పిల్ల. ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, అది నచ్చక ఊరికొచ్చి పది కొత్త సిస్టమ్‌లతో సెంటర్ పెట్టింది. వరుసగా మూడుసార్లు వాళ్ళ చేతిలో మేం ఓడిపోయాం. దానికి కారణం వాళ్ళ జట్టులో ఒక కుర్రాడు. అతను సెంటర్‌కు రాడు, ఇంట్లో తన సొంత సిస్టమ్ మీద ఆడతాడు. గోడ అవతల ఎవరున్నారో తెలిసినట్టే కాల్చేవాడు. మా మాస్టరు అతనికి "దివ్యదృష్టి" అని పేరు పెట్టాడు.

నాలుగో పోటీకి తొమ్మిది రోజులుందనగా ఆటకు అప్‌డేట్ వచ్చింది. ఆ మధ్యాహ్నం మాస్టరు కూర్చుని ఆట తెరిస్తే, ఆటకు బదులు తెర మీద ఒక హెచ్చరిక పెట్టె తెరుచుకుంది. ఈ కంప్యూటర్‌లో సెక్యూర్ బూట్, టీపీఎం రెండు పాయింట్ సున్నా ఉండాలి, లేకపోతే మోసం పట్టే ప్రోగ్రాం నడవదు, అది నడవకపోతే ఆట తెరుచుకోదు అని దాని సారాంశం. మాస్టరు అక్షరం అక్షరం చదివి, కళ్ళద్దాలు తీసి నా వైపు చూశాడు.

"ఏమప్పా, నేను దొంగాట ఆడతాండానని అంటాందా ఇది?"

నిన్ను కాదు మాస్టరూ, నీ కంప్యూటర్‌ను నమ్మలేకపోతోంది అన్నాను. ఆ తేడా ఆయనకు ఓదార్పు కాలేదు.

ఈ విద్యలో నేను పండితుణ్ణన్న భ్రమ నాకు అప్పటిదాకా బలంగా ఉండేది. సెక్యూర్ బూట్ అంటే ఏదో ఆప్షన్ కదా, ఆన్ చేస్తే సరిపోతుందనుకున్నాను. అన్నింటికంటే కొత్తదైన ఒకటో నంబరును తీసుకుని, విండోస్ లేవకముందు వచ్చే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్ళి, పాతపద్ధతి బూటింగ్ ఆపేసి, సెక్యూర్ బూట్ ఆన్ చేశాను. సిస్టమ్ లేచి, బూట్ అయ్యే డిస్క్ ఏదీ లేదని ప్రకటించింది. పొద్దుటి దాకా అదే డిస్క్ మీద ఆడినవాళ్ళు నా చుట్టూ నిలబడి ఉన్నారు.

ఇక గత్యంతరం లేక ఎమ్మిగనూరు అమ్మాయికి ఫోన్ చేశాను. శత్రువు దగ్గర సలహా అడగడం కష్టంగానే ఉంది. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

"అన్నా, ముందు డిస్కును మార్చాల. నీది పాత పద్ధతిలో భాగాలు చేసిన డిస్కు. బయాస్‌లో మళ్ళా వెనకటి మాదిరే పెట్టు, విండోస్ లేస్తుంది. ఆడ్నుంచి డిస్కు కొత్త పద్ధతికి మార్చుకోని, అప్పుడు బయాస్‌కు పో" అంది.

ఆ తర్వాత అసలు సంగతి ఓపికగా చెప్పింది. ఇప్పటి మోసగాళ్ళు తెలివిమీరారట. విండోస్ లేవకముందే తమ ప్రోగ్రాంను లోపల కూర్చోబెడతారట. ఆ తర్వాత లేచే కాపలా ప్రోగ్రాం కళ్ళకు అది కనపడదు. సెక్యూర్ బూట్ ఉంటే, మిషన్ లేచేటప్పుడు గుర్తింపు ముద్ర లేని దేన్నీ లోపలికి రానివ్వదు. టీపీఎం అనే చిప్పు, ఏవేవి ఏ వరుసలో లేచాయో రాసి పెట్టుకుంటుంది, తర్వాత ఎవరూ ఆ రాతను దిద్దలేరు. కాపలా ప్రోగ్రాం ఆ రాతను చూసుకుని ఆటకు దారి వదులుతుంది. మరి మా మాస్టరు నిజాయితీని ఏ చిప్పులో చూస్తారమ్మా అని అడిగాను.

ఆమె చెప్పినట్టు చేస్తే ఒకటో నంబరు, రెండో నంబరు దారికొచ్చాయి. వాటిలో టీపీఎం ప్రాసెసర్‌లోనే దాగి ఉంది, బయాస్‌లో ఆన్ చెయ్యాలంతే. మూడో నంబరులోనూ అది ఉంది. ఈసారి డిస్క్ ముందే మార్చి, గర్వంగా పాతపద్ధతి ఆపేసి, రీస్టార్ట్ చేశాను. తెర నల్లబడింది. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, తెర మీద మాత్రం ఏమీ లేదు. బయాస్‌లోకి తిరిగి వెళ్దామంటే బయాసే కనపడదు. మళ్ళీ ఫోన్. గ్రాఫిక్స్ కార్డు మరీ పాతదైతే కొత్తపద్ధతిలో తెర మీద బొమ్మ వెయ్యడం దానికి రాదట. బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ తీసి, కాసేపు ఆగి, మళ్ళీ పెట్టమంది. అలా చేస్తే సెట్టింగులన్నీ మరిచిపోయి, అమాయకంగా పాత రోజుల్లోకి లేచింది. నాకూ అలాంటి బ్యాటరీ ఒకటి ఉంటే బాగుండుననిపించింది.

మిగిలిన మూడింటిలో ఐదు, ఆరు నంబర్ల గురించి చెప్పుకునేదేమీ లేదు, వాటికి సెక్యూర్ బూట్ అన్న మాటే తెలియదు. నాలుగో నంబరు కథ వేరు. దానికి సెక్యూర్ బూట్ ఉంది. చిప్పు లేదు. కానీ గ్రాఫిక్స్ కార్డు మంచిది, పోయిన ఏడాదే వేశాను. ఆటను ఏ తడబాటూ లేకుండా ఆడించే మిషన్ అది. బలం లేక కాదు, కాగితాలు లేక గేటు దగ్గర ఆగిపోయింది.

చిప్పు విడిగా దొరుకుతుందని ఎవరో చెబితే తెప్పించాను. నాలుగు రోజుల తర్వాత వేలిగోరంత పచ్చ ముక్క వచ్చింది. మాస్టరు టార్చి పట్టుకున్నాడు, నేను బోర్డంతా వెతికాను. టీపీఎం అని ఒక మూల అచ్చు వేసి ఉంది. దాని కింద గుచ్చుకోవడానికి పిన్నులు లేవు, పిన్నులు ఉండాల్సిన చోట చుక్కలు మాత్రం ఉన్నాయి. బోర్డు చేసినవాళ్ళు చోటు వదిలి, సామాను మిగుల్చుకున్నారు. పిన్నులున్నా అంత పాత బోర్డు ఈ కొత్త చిప్పును గుర్తుపట్టేదన్న నమ్మకం లేదని ఎమ్మిగనూరు అమ్మాయి అంది.

మాస్టరు ఆ పచ్చ ముక్కను అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"చిప్పు లేదని మనకు చిప్ప ఇచ్చినారప్పా" అన్నాడు. తర్వాత తనే నాలుగో నంబరు వైపు తల ఊపి, "దాని కార్డు పీకి మూడో దానికి పెట్టు. అదన్నా బతుకుతుంది" అన్నాడు.

పీకాను. ఆయన అటు తిరిగి కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు. కొత్త కార్డుతో మూడో నంబరు లేచింది. అప్పటికి నా దగ్గర ఆడగలిగే సిస్టమ్‌లు మూడు. జట్టుకు ఐదు కావాలి.

పోటీ ఎత్తేద్దామని ఫోన్ చేశాను. ఎమ్మిగనూరు అమ్మాయి ఒప్పుకోలేదు. తన దగ్గర పది సిస్టమ్‌లున్నాయి, మమ్మల్ని ఐదుగురినీ అక్కడికే వచ్చి ఆడమంది. శత్రువు ఇంటికి పోయి, శత్రువు తుపాకీతో శత్రువును కాల్చాలన్నమాట. నాకు తల కొట్టేసినట్టయింది. మాస్టరు మాత్రం బస్సు ఎన్నింటికని అడిగాడు.

ఆదివారం పొద్దున మేం ఐదుగురం ఎమ్మిగనూరు బస్సెక్కాం. అందరూ ఎవరి మౌస్ వాళ్ళు తెచ్చుకున్నారు. మాస్టరు తనదాన్ని పెళ్ళి నగలా మఖమల్ గుడ్డలో చుట్టి తెచ్చాడు. ఏసీ గదిలో వరుసగా పది సిస్టమ్‌లు చూసేసరికి మా కుర్రాళ్ళు చెప్పులు బయట విడిచారు. ఎవరూ విడవమనలేదు.

అక్కడికెళ్ళాక తెలిసింది, వాళ్ళకూ ఒక చిక్కు వచ్చిందని. దివ్యదృష్టి కుర్రాడు తన ఇంటి సిస్టమ్‌లో ఆట తెరుచుకోవడం లేదని, అది పాతదని, ఈసారి ఆడలేనని చెప్పాడట. ఆట చూడ్డానికని వచ్చి, అతను సెంటర్‌లోనే ఒక మూల కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. నాకు అయ్యో అనిపించింది. మనలాంటివాడే పాపం అని పక్కన కూర్చుని, మా నాలుగో నంబరు కష్టమంతా చెప్పాను. అతను తల ఊపుతూ విన్నాడు.

ఎమ్మిగనూరు అమ్మాయి మా మాటల మధ్యలోకి వచ్చింది.

"పాతదేంది? పోయిన ఉగాదికి కొన్నావు కదప్పా, ఫోటోలు గూడా పెట్టినావు. నేనే చూసిచ్చిన బోర్డు అది. సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే ఐపోతుంది. చేసుకోలేదా?"

అతను చేసుకోలేదట. చేస్తే సిస్టమ్ స్లో అవుతుందని భయమట. అమ్మాయి ఒక కుర్చీ లాగి, ఇక్కడ మా సిస్టమ్ మీద ఆడు అంది. జ్వరంగా ఉందన్నాడు. జ్వరమొచ్చినా వేళ్ళు కదుల్తాయిలే అని వాళ్ళ జట్టువాళ్ళే కూర్చోబెట్టారు.

ఆ రోజు దివ్యదృష్టికి గోడ అవతల మనిషే కాదు, గోడ ఇవతల మనిషి కూడా కనపడలేదు. మా మాస్టరు ఎదురుగా నడిచి వెళ్తుంటే కూడా పక్కన కిటికీని కాల్చాడు. మాస్టరు అతన్ని పదకొండు సార్లు చంపాడు, పదకొండు సార్లూ మాఫీ అడిగాడు, ఈసారి అది అవతలివాడికి వినపడింది కూడా. మేం గెలిచాం. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. రుజువు లేదు కదా. జ్వరమే కావచ్చు. కానీ ఆ అమ్మాయి అతని వైపు చూసిన చూపులో థర్మామీటరు లేదు.

తిరుగు బస్సులో నేను తెగ సంబరపడ్డాను. ఆ కాపలా గొప్పదే మాస్టరూ, దొంగను పట్టింది అన్నాను. మాస్టరు కిటికీ పక్కన కూర్చుని, తన మౌసును మళ్ళీ మఖమల్ గుడ్డలో చుట్టాడు.

"దొంగను ఆపింది, నిజమే. దొంగకు కొత్త మిషన్ ఉండాది. రేపు బుద్ధి తెచ్చుకుంటే ఒక బటన్ నొక్కి వచ్చేస్తాడు. నేను యాడ నొక్కల్ల?"

బస్సులో పక్క సీటాయన మేం దొంగల గురించి మాట్లాడుకుంటున్నామని తన సంచి ఒళ్ళోకి తీసుకున్నాడు.

తర్వాత కొన్ని నెలలకు ఒక ఆఫీసువాళ్ళు తీసేసిన సిస్టమ్‌లు రెండు దొరికితే, చిప్పు ఉందో లేదో ముందు అడిగి, చూసి, అప్పుడు తెచ్చాను. ఐదు, ఆరు నంబర్ల స్థానంలో అవి కూర్చున్నాయి. మాస్టరును ఐదో నంబరు దగ్గరికి రమ్మని పిలిచాను. ఆయన వస్తాడు, ఆడతాడు, గెలుస్తాడు. కానీ లేచి పోయే ముందు పది నిమిషాలు నాలుగో నంబరు ముందు కూర్చుంటాడు. దానికి మూడో నంబరులోంచి తీసిన పాత కార్డే వేసి ఉంచాను. దాంట్లో కాపలా ప్రోగ్రాం అక్కర్లేని పాత కార్ల ఆట ఒకటి ఉంది. మాస్టరుకు డ్రైవింగ్ రాదు, ఆటలోనూ రాదు. ప్రతి మలుపులో పోయి గోడకు గుద్దుతాడు, వెనక్కి తీసి మళ్ళీ గుద్దుతాడు, పకపకా నవ్వుతాడు.